పెళ్లి ఫోటోలో పిన్నిని చేర్చే ముందు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

అక్క పెళ్లి గ్రూపు ఫోటోలో మీ పిన్ని లేదని, ఆమె ముఖాన్ని వేరే ఫోటోలోంచి తీసి అందులో చేర్చి, ఆమెకు చెప్పకుండా పంపి సంతోషపెట్టాలని అనుకుంటున్నట్టు రాశారు. పని కష్టమైనది కాదు. స్టూడియోలో ఉన్న రోజుల్లో నేనూ ఇలాంటివి చాలా చేశాను. కాకపోతే చెప్పకుండా చేయాలన్న ఆలోచన మాత్రం మానుకోండి.

ఆ ఫోటో చూసినవాళ్లు పిన్ని పెళ్లికి వచ్చిందనే అనుకుంటారు. ఆమె రాకపోవడానికి సెలవు దొరకకపోవడం ఒక్కటే కారణమై ఉండనక్కరలేదు. అత్తవారింట మైల ఉండి శుభకార్యాలకు దూరంగా ఉన్న మనిషి పట్టుచీరతో పెళ్లిపందిట్లో కనిపిస్తే, అటువైపు వాళ్లకు సమాధానం చెప్పుకోవలసింది ఆమే గాని మీరు కాదు. కాబట్టి పని మొదలుపెట్టకముందే అడగాలి. పూర్తయిన ఫోటో చేతికిచ్చి అడిగితే, మీరు పడ్డ శ్రమ చూసి మొహమాటంతో సరేనంటుంది.

అడిగేటప్పుడు "నీ ఫోటో వాడుకోవచ్చా" అంటే సరిపోదు. ఇలా రాయండి: "పిన్నీ, అక్క పెళ్లి గ్రూపు ఫోటోలో అమ్మ పక్కన నిన్ను చేర్చాలనుకుంటున్నాం. నీ గృహప్రవేశం ఫోటోలోంచి ముఖం, భుజాలు తీసుకుంటాం. ఒక ప్రింటు ఇంట్లో పెడతాం, ఇంకొకటి అక్కకు ఇస్తాం. వాట్సాప్ గ్రూపులో పెట్టాలంటే నువ్వు చూసి ఒప్పుకున్నాకే పెడతాం. ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా చెప్పు." ఏ ఫోటోలోంచి, ఎందులోకి, ఎవరి పక్కకు, ఎవరు చూడటానికి అన్న నాలుగు సంగతులూ ఇందులో ఉన్నాయి. ఇంట్లో పెట్టుకోవడానికి ఒప్పుకున్నంత మాత్రాన ఫేస్‌బుక్‌లో పెట్టడానికి ఒప్పుకున్నట్టు కాదు, దానికి మళ్లీ అడగవలసిందే.

ముఖం ఒకరిదీ శరీరం ఇంకొకరిదీ అయితే ఇద్దరినీ అడగాలి. ఈ రెండో మనిషిని దాదాపు అందరూ మరిచిపోతారు. 1989లో అమెరికాలో టీవీ గైడ్ అనే పత్రిక, టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ ముఖాన్ని ఆన్-మార్గరెట్ అనే నటి శరీరానికి జతచేసి గీయించిన బొమ్మను ముఖచిత్రంగా వేసింది. ఇద్దరి అనుమతీ తీసుకోలేదు. బొమ్మలోని గౌను ఆ నటిదని దాన్ని రూపొందించిన మనిషి గుర్తుపట్టడంతో విషయం బయటపడింది. మన ఇళ్లలో అయితే నగను చూసో చీర అంచును చూసో అత్తయ్యలు అంతకంటే ముందే పట్టేస్తారనుకోండి.

ఇక చేసిన మార్పుల గురించి. పెళ్లి ఫోటోలో వెలుతురు ఎడమవైపు నుంచి పడుతూ, పిన్ని ఫోటోలో కుడివైపు నుంచి పడుతుంటే, ముక్కు నీడ పక్కవాళ్ల నీడలకు ఎదురుగా పడి అతుకు ఇట్టే తెలిసిపోతుంది. దాన్ని సరిచేయడానికి చాలామంది ఫోటోను అద్దంలోలా తిప్పేస్తారు. అప్పుడు నీడ కుదురుతుంది గాని, ఎడమ భుజం మీది పైట కుడి భుజానికి వస్తుంది, ముక్కుపుడక రెండోవైపుకు మారుతుంది, పాపిడి పక్కకు తీసుకునే అలవాటుంటే అదీ మారిపోతుంది. ఆమెకు అది తన ముఖంలా అనిపించదు, ఎందుకో మాత్రం వెంటనే చెప్పలేకపోతుంది. అందుకని తిప్పితే తిప్పామని చెప్పండి. తిప్పకుండా సరిపోయే వెలుతురున్న ఇంకో ఫోటో ఇమ్మని ఆమెనే అడగడం అంతకంటే మంచిది.

రంగు విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. మండపం లైట్ల పసుపుకు ముఖం రంగును కలపడం అవసరమే. ఆ వంకతో చామనఛాయ మనిషిని తెల్లగా చేయడం, బుగ్గల మీది మచ్చలు తుడిచేయడం ఆమె అడగని పనులు. ఒకవేళ చేసి ఉంటే విడిగా చెప్పండి, వద్దంటే వెనక్కి మార్చండి. "కొంచెం ఎడిట్ చేశాం" అన్న మాట వల్ల ఆమెకు ఏమీ తెలియదు. అసలు రెండు ఫోటోలూ, కొత్తదీ ఒకేచోట పెట్టి పంపితే ఏం మారిందో ఆమే చూసుకుంటుంది.

చిన్నపిల్లల ముఖమైతే తల్లిదండ్రులను అడగండి, మాట తెలిసిన పిల్లలైతే వాళ్లనూ అడగండి. పోయినవారి ముఖమైతే భార్యనో భర్తనో, కన్నపిల్లలనో అడగాలి. ఒకరు సరేనని ఇంకొకరు వద్దంటే ఆపేయండి.

ఆమె ఒప్పుకున్నాక ప్రింటు వెనుక "పిన్ని ముఖం గృహప్రవేశం ఫోటోలోంచి తీసి చేర్చినది" అని పెన్సిలుతో రాయండి, ఫైలు పేరులోనూ అది తెలిసేలా పెట్టండి. వాట్సాప్‌లో పెట్టేటప్పుడు ఆ మాటను ఫోటో మీదే ఓ మూల చిన్నగా వేయండి, ఎందుకంటే కింద విడిగా రాసిన వాక్యం సేవ్ చేసుకున్న ఫోటోతో పాటు వెళ్లదు. ఆమె తరవాత ఎప్పుడైనా మనసు మార్చుకుంటే, మీ దగ్గరున్న కాపీలను, లేయర్లతో దాచిన ఫైలును, ఫోన్ ట్రాష్‌లో మిగిలినదాన్ని కూడా తీసేయండి. ఇతరుల ఫోన్లలోకి వెళ్లినవాటిని మీరు తీయలేరు, ఈ సంగతి ఆమె ఒప్పుకోకముందే చెప్పండి.

ఇట్లు
మీ తాతయ్య