డేగిసా మధ్యలో దాక్కున్న వేడి

రాత్రి పదకొండు. హోటల్ షట్టర్ సగం దించేశారు, పొయ్యి మీద 20 లీటర్ల చికెన్ గ్రేవీ మిగిలింది. మూతపెట్టి డేగిసాతో సహా ఫ్రిజ్‌లోకి తోసి ఇళ్లకు వెళ్లిపోతారు. పొద్దున మధ్యలోకి గరిటె దింపితే ఇంకా గోరువెచ్చగానే తగులుతుంది, కానీ పైన కొవ్వు చల్లగా తెట్టు కట్టి ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

చిక్కటి గ్రేవీ నీళ్లలా లోపల తిరగదు. నడిమి వేడి అంచు దాకా మెల్లగా పాకుతూ రావాల్సిందే, మందం రెట్టింపైతే పట్టే టైమ్ దాదాపు నాలుగింతలు అవుతుంది. ఈలోగా క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకు పండగ. మాంసంలో ఉండే దాని బీజాలు ఉడికినా చావవు. 45 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలకే రెట్టింపవుతుంది, పైగా వాసన చూసి కనిపెట్టలేం. అందుకే 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్నుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో దిగాలన్నది వంటగది లెక్క.

అలాగని మొదటే ఐస్ వేయకండి, డబ్బు దండగ. డేగిసాను ముందు పెద్ద టబ్బులో, గ్రేవీ మట్టం దాకా కుళాయి నీళ్లు పోసి కూర్చోబెట్టి, తెడ్డుతో అడుగు దాకా కలుపుతూ ఉండాలి. టబ్బు నీళ్లు వెచ్చబడగానే మార్చేయాలి. 90 నుంచి 50 దాకా ఈ నీళ్లే లాగేస్తాయి. అక్కణ్నుంచి టబ్బులో ఐస్ వేసి 20కి దించడానికి లెక్క ప్రకారం ఆరు కిలోలు చాలు, వృథా పోయేది కలిపి ఎనిమిది తెచ్చుకోండి. మొత్తం ఐస్‌తోనే కానిద్దామంటే పదమూడు కిలోలు దాటుతుంది. కలపడం మానేస్తే మాత్రం ఎంత ఐసైనా గోడ పక్క గ్రేవీనే చల్లబరుస్తుంది.

తర్వాత మూడు పెద్ద స్టీల్ ట్రేల్లో రెండంగుళాల లోతుకు మించకుండా పోసి, ఫ్రిజ్ పై అరలో, ట్రేల మధ్య ఖాళీ వదిలి, పూర్తిగా చల్లారేదాకా మూత లేకుండా పెట్టాలి. థర్మామీటర్ గుచ్చేది అంచున కాదు, నడిమధ్యలో.

ఇక లేబుల్. తడి స్టీల్‌కి టేప్ అంటదు, కాబట్టి ట్రే నింపకముందే అతికించి రాసేయాలి: పేరు, వండిన తేదీ, టైమ్, పారేసే తేదీ, చేసినవాళ్ల పేరు. వండిన రోజునే ఒకటో రోజుగా లెక్కపెట్టి మా దగ్గర మూడో రోజు రాత్రి పారేస్తాం. మా కుర్రాడొకడు 15న వండిన గ్రేవీ మీద 17న చేసింది పోసి 17 అని రాశాడు, నిజానికి ఆ ట్రే వయసు 15దే. ఇంకో తలనొప్పి, మూత మీద రాయడం. గిన్నెలు తోమేటప్పుడు మూతలు మారిపోతాయి, వైట్ గ్రేవీ మీద చికెన్ తేదీ వచ్చి కూర్చుంటుంది. అందుకే ఇప్పుడు టేప్ ట్రే ఒంటికే అంటిస్తున్నాం.