పాత కోడ్‌ను ముట్టుకునే ముందు: క్యారెక్టరైజేషన్ టెస్టుల వెనక కథ

ఎక్సెల్‌లో ఒక గడిలో 60 అని టైప్ చేసి, ఆ గడిని తేదీ ఫార్మాట్‌కి మార్చండి. మామూలు విండోస్ సెట్టింగ్‌లో అది 1900 ఫిబ్రవరి 29 అని చూపిస్తుంది. అలాంటి రోజు ఎప్పుడూ రాలేదు. వందతో తెగే సంవత్సరం నాలుగు వందలతో కూడా తెగితేనే లీపు సంవత్సరం, 1900 అలా తెగదు. నిజానికి ఈ తప్పు ఎక్సెల్ చేసింది కాదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ 1900ని లీపు సంవత్సరంగా లెక్కవేసింది. అప్పటి ఆఫీసుల్లో లోటస్ ఫైళ్ళే ఎక్కువ. వాటిని ఎక్సెల్‌లో తెరిస్తే తేదీలు ఒక రోజు జరిగిపోకూడదని మైక్రోసాఫ్ట్ ఆ తప్పును తెలిసే తెచ్చి పెట్టుకుంది. ఇప్పుడు సరిచేస్తే పాత ఫైళ్ళలో 1900 మార్చి నుంచి ఉన్న ప్రతి తేదీ ఒక రోజు తర్వాతది అయి కూర్చుంటుంది. అందుకే నేటికీ ఎవరూ దాని జోలికి పోలేదు.

ఈ తేదీల కోడ్‌కి ఒక టెస్ట్ రాయమంటే ఏం రాస్తారు? క్యాలెండర్ ప్రకారం రాస్తే టెస్ట్ ఫెయిల్ అవుతుంది. ప్రోగ్రామ్ చేస్తున్నట్టు రాస్తే పాస్ అవుతుంది, కానీ తప్పును ఒప్పని రాసినట్టు ఉంటుంది. పాత కోడ్ ముందు కూర్చున్న ప్రతి ప్రోగ్రామర్‌కీ ఏదో ఒక రోజు ఈ తికమక ఎదురవుతుంది. దీనికి సూటిగా ఒక సమాధానం, దానికి ఒక పేరు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఎందుకంటే మొదట్లో టెస్ట్ అంటే అర్థమే వేరు. గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ 1979లో టెస్టింగ్ మీద రాసిన పుస్తకంలో, తప్పులు పట్టుకోవాలనే ఉద్దేశంతో ప్రోగ్రామ్‌ను నడపడమే టెస్టింగ్ అని నిర్వచించాడు. ప్రోగ్రామ్ ఏం చేయాలో ఒక కాగితం మీద ఉంటుంది, అది చేసేదాన్ని ఆ కాగితంతో పోలుస్తాం. కొత్త ప్రోగ్రామ్‌కి ఇది చక్కగా సరిపోతుంది. పదిహేనేళ్ళు నడిచిన ప్రోగ్రామ్‌కి ఆ కాగితం ఉండదు. ఉన్నా, మధ్యలో చేసిన మార్పులు అందులోకి ఎక్కి ఉండవు. రాసినవాళ్ళు ఎప్పుడో ఉద్యోగం మారి ఉంటారు.

అలాంటప్పుడు ప్రోగ్రామ్ ఇప్పుడు చేస్తున్నదాన్నే దాచిపెట్టుకుని, మార్చాక దానితో పోల్చాలి. పేరు లేకుండానే ఈ పనిని పెద్ద ఎత్తున చేసిన సందర్భం వైటూకే. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కిన తరానికి ఇది బాగా గుర్తుండే ఉంటుంది. సంవత్సరాన్ని రెండు అంకెల్లో దాచుకున్న ప్రోగ్రామ్‌లను 2000 లోపు సరిచేయాలి. వాటి లోపల ఏముందో చెప్పే మనిషి చాలాచోట్ల లేడు. అందుకని మార్చడానికి ముందే, ఉన్న ప్రోగ్రామ్‌ను ఉన్నట్టుగా, ఒక డేటా కాపీ మీద నడిపేవారు. వచ్చిన ఫైళ్ళను, రిపోర్టులను బేస్‌లైన్ అని పక్కన దాచేవారు. ఆ తర్వాత తేదీ ఫీల్డును నాలుగంకెలకు పెంచడమో, లేదా 50 కన్నా చిన్న సంఖ్య వస్తే 20తో, లేకపోతే 19తో మొదలయ్యే సంవత్సరం అనుకోమని చెప్పడమో చేసి, అదే డేటాతో మళ్ళీ నడిపేవారు. రెండు ఫైళ్ళనూ మెయిన్‌ఫ్రేమ్‌లో సూపర్‌సీ లాంటి యుటిలిటీతో పోల్చేవారు. తేదీ ఫీల్డును ఉద్దేశపూర్వకంగా పెంచిన చోట తప్ప ఇంకెక్కడా తేడా రాకూడదు. ఆ గట్టు దాటాకే సిస్టమ్ తేదీని 2000లోకి జరిపి చూసేవారు.

ఈ వరసలో ఒక సంగతి ఉంది. మొదటి పోలికలో ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెలు సరైనవా అని ఎవరూ అడగలేదు. నిన్నటివేనా అని మాత్రమే అడిగారు.

అదే దశకంలో మరోవైపు నుంచి ఇంకో ఆలోచన వస్తోంది. 1992లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో విలియం ఓప్డైక్ తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో రీఫ్యాక్టరింగ్‌ను ఒక పద్ధతిగా వివరించాడు. ప్రోగ్రామ్ ప్రవర్తన మారకుండా దాని లోపలి నిర్మాణం మార్చడం అన్నమాట. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్ళే విమానంలో కూర్చుని జేయూనిట్ అనే టెస్టింగ్ పరికరాన్ని మొదలుపెట్టారు. దాంతో చిన్న టెస్ట్ రాసి క్షణంలో నడపడం జావా ప్రోగ్రామర్లకు అలవాటైంది. 1999లో మార్టిన్ ఫౌలర్ రీఫ్యాక్టరింగ్ మీద రాసిన పుస్తకంలో, చేయి పెట్టే ముందు గట్టి టెస్టులు ఉండాలని మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. మంచి మాటే. కానీ టెస్టులు లేని లక్ష లైన్ల కోడ్ చేతిలో ఉన్నవాడికి ఆ మాట వింటే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు. టెస్టులు పెట్టాలంటే కోడ్‌ను కాస్త మార్చాలి, మార్చాలంటే టెస్టులు ఉండాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టు.

ఈ ముడిని విప్పిన పుస్తకం 2004లో మైకేల్ ఫెదర్స్ రాశాడు. లెగసీ కోడ్‌తో పని చేయడం దాని విషయం. టెస్టులు లేని కోడే లెగసీ కోడ్ అన్నాడాయన. అంటే నిన్న సాయంత్రం రాసిందైనా సరే, టెస్టులు లేకపోతే లెగసీయే. ఈ నిర్వచనం మీద నాకు కొంచెం పేచీ ఉంది. రాసినవాడు పక్క కుర్చీలోనే ఉన్న కోడ్‌ను, రాసినవాడి పేరు కూడా తెలియని కోడ్‌ను ఒకే గాట కట్టడం సరికాదు. కానీ ఆ పుస్తకంలో క్యారెక్టరైజేషన్ టెస్ట్ అని ఆయన పేరు పెట్టిన పద్ధతి మీద పేచీ లేదు. కోడ్‌ను టెస్ట్‌లోంచి పిలవాలి. ఫెయిల్ అవుతుందని తెలిసిన ఒక జవాబు రాయాలి. ఫెయిల్ అయినప్పుడు అసలు జవాబు ఏమిటో తెరమీద కనిపిస్తుంది. దాన్నే టెస్ట్‌లో పెట్టాలి. కోడ్ ఎలా ఉండాలన్నది కాక, ఎలా ఉందన్నది రాసుకోవడమే ఇక్కడ పని.

ఒక చిన్న ఉదాహరణ మీద చూద్దాం. ఇది ఊహించుకున్న నీటి బిల్లు ఫంక్షన్, రేట్లు కూడా కల్పితమే. 30 యూనిట్ల దాకా ఒక రేటు, ఆపైన ఇంకో రేటు, ఆలస్యమైతే అపరాధ రుసుము.

```python
from datetime import date

def bill(units, due):
    amt = units * 8
    if units > 30:
        amt = 240 + (units - 30) * 12
    if date.today() > due:
        late = (date.today() - due).days
        amt += amt * 0.02 * (late // 30 + 1)
    return int(amt + 0.5)
```

చివరి లైన్ అందంగా లేదు, దాన్ని `round(amt)` చేద్దామని మనకు అనిపించింది. ఆగి, ముందు టెస్టులు రాయాలి. వెంటనే ఒక అడ్డంకి వస్తుంది: `date.today()` రోజూ మారుతుంది కాబట్టి ఈ రోజు పాసైన టెస్ట్ వచ్చే నెల ఫెయిల్ అవుతుంది. ఇలాంటి చోట ఫెదర్స్ సీమ్ కోసం వెతకమంటాడు. ఆ లైన్‌ను కదపకుండానే దాని ప్రవర్తనను బయటి నుంచి మార్చగలిగే చోటును ఆయన సీమ్ అంటాడు. ఇక్కడ అలాంటిది చేతికందేలా లేదు, మనమే పెడదాం. టెస్ట్ లేకుండా చేసే మార్పు ఇదొక్కటే కాబట్టి వీలైనంత చిన్నగా ఉండాలి.

```python
def bill(units, due, today=None):
    today = today or date.today()
```

కింద రెండు చోట్లా `date.today()` బదులు `today` పెడతాం. పాతగా పిలిచేవాళ్ళెవరికీ తేడా తెలియదు. ఇప్పుడు 40 యూనిట్లు వాడి, ఏప్రిల్ 1న కట్టాల్సింది మే 1న కట్టినవాడి బిల్లు అడుగుదాం. జవాబు సున్నా అని కావాలనే తప్పు రాస్తాం.

```python
assert bill(40, date(2024, 4, 1), date(2024, 5, 1)) == 0
```

దీన్ని `pytest` తో నడిపితే తెర మీద `assert 374 == 0` అని వస్తుంది. 40 యూనిట్లకు 360 రూపాయలు, దాని మీద 14 రూపాయల 40 పైసలు, అంటే నాలుగు శాతం. సరిగ్గా 30 రోజులు ఆలస్యమైతే రెండు నెలల రుసుము పడుతోందన్నమాట. ఒక రోజు ముందు, ఏప్రిల్ 30న కడితే 367 వస్తుంది. ఇది పొరపాటా, ఊరి నిబంధనే అలా ఉందా? మనకు తెలియదు, ఇప్పుడు తెలియాల్సిన పని కూడా లేదు. 374, 367 రెండూ టెస్టుల్లోకి వెళ్తాయి.

ఇంకొన్ని యూనిట్ల విలువలు ఇచ్చి చూసి, ఇక చాలులే అనిపించి, చివరి లైన్‌ను `round`గా మారిస్తే ఆ టెస్టులన్నీ పాసవుతాయి. ఈ రేట్లతో యూనిట్లు సున్నా నుంచి పైకి ఏ పూర్ణసంఖ్య అయినా రెండు పద్ధతులూ ఒకటే ఇస్తాయి. కానీ మీటర్ మార్చినప్పుడు కొత్త రీడింగ్ పాతదానికన్నా తక్కువుండి, యూనిట్లు మైనస్‌లోకి వెళ్ళే అవకాశం ఉంది. ఆలస్యం లేని -5 యూనిట్లకు లెక్క -40. దానికి 0.5 కలిపితే -39.5. పైథాన్‌లో `int` దశాంశాన్ని సున్నా వైపుకు కత్తిరిస్తుంది కాబట్టి పాత కోడ్ -39 ఇస్తుంది. `round` అయితే -40 ఇస్తుంది. టెస్టులు పాసవుతూనే ఉంటాయి, వెనక్కి ఇవ్వాల్సిన సొమ్ము ఒక రూపాయి మారిపోతుంది. క్యారెక్టరైజేషన్ టెస్టుల హద్దు ఇదే: మనం అడిగిన ఇన్‌పుట్‌ల గురించే అవి మాట్లాడతాయి.

టెస్టులు నిజంగా కాపలా కాస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి కోడ్‌ను కావాలని చెడగొట్టి చూడాలి. `late // 30`ని `late // 31` చేస్తే 30 రోజుల టెస్ట్ తప్ప ఇంకేదీ ఫెయిల్ కాకపోవచ్చు. ఆ టెస్ట్ రాయకపోతే తప్పు జారిపోయేది. `units > 30`ని `units > 31` చేస్తే 31 యూనిట్ల టెస్ట్ ఒక్కటే పట్టుకుంటుంది: 252 రావాల్సిన చోట 248 వస్తుంది. తమాషా ఏమిటంటే అక్కడే `>`ని `>=` చేస్తే ఏ టెస్టూ పట్టుకోలేదు. ఎందుకంటే 30 దగ్గర రెండు దారులూ 240కే చేరతాయి. అక్కడ లోపం టెస్టులది కాదు, ఆ మార్పుతో ప్రవర్తనే మారలేదు. కవరేజ్ రిపోర్ట్ చూసి నూరు శాతం అని సంతోషపడేవాళ్ళకు ఈ తేడాలేవీ కనిపించవు. ఆ రిపోర్ట్ లైన్ నడిచిందా అనే చెబుతుంది, దాని ఫలితాన్ని ఎవరైనా చూశారా అన్నది చెప్పదు.

ఫంక్షన్ ఒక అంకె బదులు వంద పేజీల రిపోర్ట్ ఇస్తుంటే విడివిడిగా రాయడం కుదరదు. మొత్తం అవుట్‌పుట్‌ను ఒక ఫైల్లో దాచి తర్వాతి దానితో పోలుస్తారు. దీన్ని గోల్డెన్ మాస్టర్ అంటారు, వైటూకే బేస్‌లైన్‌కి ఇది తమ్ముడే. 2016లో జావాస్క్రిప్ట్ టెస్టింగ్ పరికరం జెస్ట్‌లో స్నాప్‌షాట్ పేరుతో ఇదే పద్ధతి వచ్చి బాగా వాడుకలోకి వెళ్ళింది. దాంతో పాటే ఒక రోగం కూడా. రిపోర్ట్‌లో నడిపిన సమయం అచ్చవుతుంటే ప్రతిసారీ తేడా వస్తుంది, కాబట్టి ముందు దాన్ని తీసేయడమో, ఒకే విలువతో మార్చడమో చేయాలి. చేయకపోతే వచ్చిన ప్రతి తేడా ఉత్త గోలే అని జనం అలవాటు పడిపోతారు. అప్పుడు `jest -u` అని కొడతారు, దాచిన ఫైళ్ళన్నీ కొత్త అవుట్‌పుట్‌తో మారిపోతాయి. ఆ గుంపులో నిజమైన తప్పు ఒకటుంటే అదీ ఆమోదం పొందేస్తుంది. ఒకే కమిట్‌లో రెండు లైన్ల కోడ్ మార్పు, నలభై స్నాప్‌షాట్ ఫైళ్ళ మార్పు కనిపిస్తే రివ్యూలో అక్కడే ఆగాలి.

నీటి బిల్లు విషయానికొస్తే, -5కి -39 అని ఒక టెస్ట్ చేర్చి, అది సరైనదని ఎవరూ చెప్పలేదనీ, ప్రస్తుతం ఇలా ఉందనీ పైన ఒక కామెంట్ రాయాలి. ఈ తేడా చూపించకపోతే, రెండేళ్ళ తర్వాత వచ్చినవాడు దాన్ని నిబంధన అనుకుంటాడు. ఆ రూపాయి సంగతి అకౌంట్స్ వాళ్ళను అడగాలి. వాళ్ళ ఎక్సెల్ షీట్‌లో ఎక్కడో ఆ రూపాయిని కలుపుకునే గడి ఒకటి ఉన్నా ఆశ్చర్యం లేదు. వాళ్ళు సరిచేయమంటే అది వేరే కమిట్‌లో, -39ని -40గా మార్చిన టెస్ట్‌తో కలిసి వెళ్తుంది. అందాకా చివరి లైన్ `int(amt + 0.5)`గానే ఉంటుంది.