ఈ కదంబం ఎప్పుడు కట్టారు?

మొన్న చెన్నైలో మా పిన్ని కూతురి పెళ్ళిలో భోజనాల దగ్గర మా పెదనాన్న అన్నమాట ఇది: "ఒరేయ్, మనవాళ్ళు ఆంధ్రదేశం వదిలి ఈ ఊరొచ్చి ఏడు తరాలైంది. అరవదేశంలో ఇన్నాళ్ళున్నా బయటి సంబంధం ఒక్కటి చేసుకోలేదు. మన రక్తంలో కలగలుపు లేదు." ఆయన మంచివాడు, ఎవర్నీ తక్కువ చేసి మాట్లాడే మనిషి కాదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే కలగలుపు ఉందో లేదో మాత్రమే కాదు, ఎప్పుడు జరిగిందో కూడా ఇప్పుడు లెక్క కట్టవచ్చు. ఆ లెక్క కట్టే పద్ధతి నాకు తెలిసిన విజ్ఞానంలోకెల్లా అందమైన వాటిలో ఒకటి.

డీఎన్ఏ అంటే ఏమిటి అన్న పాఠం వదిలేస్తున్నాను. నేరుగా పెళ్ళి మండపం గుమ్మం దగ్గరికి రండి. అక్కడ పూలమ్మి పొద్దున్నే కూర్చుని మల్లెపూలు ఒక మాల, కనకాంబరాలు ఒక మాల కడుతోంది. ఒక్కోటి నూరు మూరలనుకోండి. మల్లె మాల ఒక జనం డీఎన్ఏ, కనకాంబరం మాల ఇంకో జనం డీఎన్ఏ. ఆ రెండు జనాల మధ్య పెళ్ళి జరిగింది. పుట్టిన బిడ్డకు ఒక పూర్తి మల్లె మాల, ఒక పూర్తి కనకాంబరం మాల వస్తాయి. ఇంకా ఏమీ కలవలేదు, పక్కపక్కన ఉన్నాయంతే.

అసలు సంగతి తర్వాతి తరంలో మొదలవుతుంది. ఈ బిడ్డ పెద్దయ్యాక తన పిల్లలకు రెండు మాలలూ ఇవ్వడానికి లేదు, ఒక్కటే ఇవ్వాలి. అందుకని రెండు మాలల్నీ పక్కపక్కన పెట్టి, రెండింటినీ ఒకేచోట కత్తిరించి, దీని ముక్క దానికీ దాని ముక్క దీనికీ ముడేసి, ఒకటి ఇస్తుంది. నూరు మూరలకు తరానికి సగటున ఒక్క కత్తిరింపు. ఇంటర్లో జువాలజీ చదివినవాళ్ళు దీన్నే బొమ్మగా వేశారు, పేరు క్రాసింగ్ ఓవర్. బొమ్మకు మార్కులు వేసి వదిలేస్తారు గానీ, ఇదొక గడియారం అని క్లాసులో ఎవరూ చెప్పరు, నాకదే బాధ.

గడియారం ఎలాగంటే, తరానికో కత్తిరింపు చొప్పున నూరు తరాలకు నూరు మూరల్లో సుమారు నూరు ముడులు పడతాయి. రెండు రకాల పూలూ సగం సగం ఉన్నాయనుకుంటే, ఆ ముడుల్లో సగం మల్లెకు మల్లెతోనో, కనకాంబరానికి కనకాంబరంతోనో పడతాయి, అవి కంటికి కనబడవు. మిగిలిన సగమే రంగు మారే ముడులు. అంటే ఒక్కో రంగు సగటున రెండు మూరలు సాగి మారుతుంది. ఇప్పుడు తిరగేసి చదవండి: ఎవరి మాలలోనైనా రంగు రెండు మూరలకోసారి మారుతుంటే, ఆ కదంబం మొదలై నూరు తరాలైంది. తరానికి 29 ఏళ్ళు వేసుకుంటే 2,900 ఏళ్ళు. ముక్కలు పొడుగ్గా ఉంటే కలయిక దగ్గరిది, పొట్టిగా ఉంటే పాతది. మన క్రోమోజోముల్లో ఒక మూర అంటే సుమారు పది లక్షల డీఎన్ఏ అక్షరాలు. శాస్త్రవేత్తలు దాన్ని సెంటీమోర్గాన్ అంటారు.

చిక్కల్లా నిజం పూలకు అంత స్పష్టమైన రంగు ఉండకపోవడమే. ఒక అక్షరం మల్లె జనంలో కాస్త ఎక్కువ, కనకాంబరం జనంలో కాస్త తక్కువ, అంతే తేడా. ఒక్క పువ్వును చూసి చెప్పలేం. అందుకని లక్షల జతల పూలను చూస్తారు. ఇక్కడ మల్లె వాసన తగిలితే, ఇంకో మూర అవతల కూడా అది తగిలే మొగ్గు ఎంత? నూరు తరాల నాటి కదంబమైతే ఆ పొత్తు ఒక మూర దూరంలో 37 శాతానికి, రెండు మూరల్లో 14 శాతానికి, మూడు మూరల్లో 5 శాతానికి పడిపోతుంది. ఎంత వేగంగా పడిపోతోందన్నదే తరాల లెక్క.

ఈ లెక్కను మన దేశం మీద వేసినవాళ్ళు హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు, హార్వర్డ్‌లో జన్యు శాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందం. 2009లో రైక్ బృందం సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్‌లతో కలిసి చేసిన పనిలో రెండు మూలాలు తేలాయి, ఉత్తరాది పూర్వీకులు, దక్షిణాది పూర్వీకులు అని పేర్లు పెట్టారు. చూసిన గుంపుల్లో చాలావాటిలో ఉత్తరాది వాటా 39 నుంచి 71 శాతం. గమనించారా, సున్నా లేదు, నూరూ లేదు. 2013లో 73 గుంపుల మీద గడియారం పెట్టారు. కలయిక కాలం 1,900 నుంచి 4,200 ఏళ్ళ కిందటికి వచ్చింది. బ్రాహ్మణులు, మాల, మాదిగ, వైశ్య, భిల్లులు, అందరి మాలా కదంబమే.

ఈ గడియారానికీ ఒక లోపం ఉంది. వేయేళ్ళ ఎడంతో రెండుసార్లు కలిస్తే, అది రెండు తేదీలు చెప్పకుండా ఒకే తేదీ చూపించవచ్చు, అదీ కొత్త కలయిక వైపు మొగ్గుతూ. కాబట్టి ఆ తేదీని మొదటి పెళ్ళి ముహూర్తంలా చదవకూడదు. ముడులు అప్పటికి ఇంకా పడుతున్నాయి అని మాత్రమే చదవాలి.

మరి ఆ మల్లె మాలైనా అచ్చమైన మల్లేనా? కాదు! 2019లో హర్యానాలోని రాఖీగఢీ అనే చోట సింధు నాగరికత శ్మశానంలోని ఒక స్త్రీ ఎముకల నుంచి డీఎన్ఏ తీయగలిగారు. ఆ వేడి నేలలో డీఎన్ఏ నిలవడమే గొప్ప. ఆమెలో ప్రాచీన ఇరాన్ జనానికి దగ్గరి పాయ ఒకటి, అండమాన్ వాసులకు దూరపు చుట్టాలైన వేటగాళ్ళ పాయ ఒకటి అప్పటికే కలిసిపోయి ఉన్నాయి. యూరేషియా గడ్డిమైదానాల పశుపాలకుల పాయ ఆమెలో లేదు, అది తర్వాత వచ్చింది. 2009లో చెప్పిన ఆ రెండు మూలాల్లో ఉత్తరాదిది ఈ మూడూ కలిసినది, దక్షిణాదిది ప్రధానంగా మొదటి రెండూ కలిసినది. యూరప్ సంగతీ అంతే, వేటగాళ్ళు, అనటోలియా రైతులు, గడ్డిమైదానాల వాళ్ళు. తెల్లజాతి అని గర్వపడేదీ మూడు రకాల పూలు గుచ్చిన మాలే.

అయితే పెదనాన్న మాటలో సగం నిజముంది. కలవడం ఆగిపోయిన మాట వాస్తవం. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట తలుపులు పడ్డాయి, ఎవరి గుంపులో వాళ్ళే చేసుకోవడం మొదలైంది. అన్నీ కలిసిపోయాక తలుపు వేసుకుని, లోపల ఉన్నది స్వచ్ఛం అంటున్నామన్నమాట. గోత్రం చూస్తున్నాం కదా అంటారు. గోత్రం తండ్రి తండ్రి తండ్రి అనే ఒక్క దారిని చూస్తుంది. పది తరాల వెనక్కి వెళ్తే 1,024 స్థానాల్లో అది ఒకటి. పైగా గోత్రం కలవకూడదంటూనే మేనరికాలు చేస్తాం.

తలుపు వేసుకున్నందుకు ఏమవుతుందో ఆంధ్ర వైశ్యుల్లో బాగా తెలిసింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన గుంపు కాబట్టి, అమ్మ మాలలోనూ నాన్న మాలలోనూ ఒకే పాత ముక్క ఎదురుపడుతుంది. ఆ ముక్కలో చెడిపోయిన జన్యువు ఉంటే రెండోది ఆదుకోదు. వాళ్ళలో బ్యూటైరైల్ కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మామూలు కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. రోజూ బతకడానికి దీనితో ఇబ్బంది లేదు. ఆపరేషన్‌లో గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్‌ను కరిగించేది ఈ ఎంజైమే. మామూలువాళ్ళలో ఆ మందు పని పది నిమిషాల్లోపే తగ్గిపోతుంది. లోపం ఉన్నవాళ్ళకు గంటలు పట్టవచ్చు, అంతసేపూ సొంతంగా ఊపిరి తీయలేరు, వెంటిలేటర్ మీద ఉంచాలి. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు, రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు.

ఇదంతా మజ్జిగ వడ్డించే దాకా చెప్పాను. పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "మనదీ అలా తలుపేసుకున్న గుంపే కదరా. వచ్చే నెల నాకు హెర్నియా ఆపరేషన్. ఆ మందు పేరేదో రాసివ్వు."

చేయి కడుక్కుని వచ్చి శుభలేఖ వెనక రాసిచ్చాను.