మాత్ర ఆయనకు, మంట ఆమెకు: యాభైలలో దంపతుల మధ్య పెరిగిన చిక్కు వెనుక కథ

అంగం సరిగా గట్టిపడడం లేదని యాభై దాటిన మనిషి హైదరాబాద్‌లో ఏ యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినా షుగరుందా, బీపీ ఉందా, సిగరెట్ తాగుతారా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నలే. కానీ 'కలిసినప్పుడు మీ ఆవిడకు నొప్పిగా ఉంటోందా? ఆమెకు ముట్లు ఆగిపోయాయా?' అని అడిగేవారు తక్కువ. ఆయనా తనంతట తాను చెప్పడు. కొన్ని ఇళ్లలో సమస్య మొదలైంది సరిగ్గా అక్కడే.

మన దగ్గర ఈ సమస్య తొందరగా రావడానికి ఒక చరిత్ర ఉంది. పాశ్చాత్య దేశాల్లో ముట్లు ఆగే సగటు వయసు 51 ఏళ్లయితే మన దేశంలో 46, 47 ఏళ్లకే ఆగిపోతాయి. దానికి తోడు గర్భసంచి ఆపరేషన్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. 'పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకమ్మా ఆ సంచి' అన్న మాట ఎన్నో ఊళ్లలో వినిపించింది. ఆ ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే వాటి నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోన్ మెల్లగా తగ్గదు, కొద్దిరోజుల్లోనే పడిపోతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో మెనోపాజ్ కాస్త ముందే వస్తుంది. డిశ్చార్జి కాగితం ఇంట్లో ఉంటే తీసి చూడాలి. టీఏహెచ్ అని మాత్రమే రాసి ఉంటే తీసింది గర్భసంచి. పక్కన బీఎస్ఓ అని కూడా ఉంటే రెండువైపులా ట్యూబులు, అండాశయాలు కూడా తీశారని అర్థం. తమకు ఏ ఆపరేషన్ జరిగిందో తెలియని స్త్రీలు చాలామందే ఉన్నారు.

ఈస్ట్రోజెన్ తగ్గితే యోని లోపలి పొర పలచబడుతుంది, సాగే గుణం పోతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది. కోరిక కలిగినా తడి ఆలస్యంగా వస్తుంది, వచ్చినా చాలదు. మేలుచేసే బ్యాక్టీరియా తగ్గి, మామూలుగా 3.5 నుంచి 4.5 మధ్య ఉండే పీహెచ్ 5 దాటుతుంది. దాంతో మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఒంట్లో వేడి ఆవిర్లు కొన్నేళ్లకు వాటంతటవే సర్దుకుంటాయి. ఈ పొడిదనం అలా కాదు, వైద్యం చేయకపోతే ఏటికేడు పెరుగుతుంది. నొప్పి ఎక్కువగా ముఖద్వారం దగ్గరే ఉంటుంది, కోసినట్టుగా. రెండు మూడుసార్లు అలా నొప్పి పుట్టాక కటి కండరాలు ముందే బిగుసుకుపోతాయి. అది ఆమె కావాలని చేసేది కాదు.

ఇక భర్త వైపు. యాభై దాటిన మగవాడికి ఇరవైలలోలాగా తలచుకోగానే గట్టిపడదు, స్పర్శ కావాలి, సమయం పడుతుంది. అదే సమయంలో పొడిగా, బిగుతుగా ఉన్న ద్వారంలోకి వెళ్లాలంటే ఇదివరకటికంటే ఎక్కువ గట్టిదనం కావాలి. కొంచెం మెత్తబడినా అంగం వంగిపోతుంది. ఆమె ముఖం చిట్లిస్తుంది, లేదా ఊపిరి బిగబడుతుంది. అది చూశాక ఆయన ధ్యాస సుఖం మీద ఉండదు. నొప్పెడుతోందా, ఆపమంటుందా, నాది తగ్గిపోతోందా అని తనను తానే కాపలా కాస్తాడు. ఆ ఆందోళనలో అడ్రినలిన్ విడుదలై అంగంలోని నునుపు కండరాలు బిగుస్తాయి. నిండిన రక్తం వెనక్కి పోతుంది. మరోసారి తగ్గిపోకముందే పని కానివ్వాలని తొందరపడతాడు. ఆ తొందరలో ఆమెకు తడి రావడానికి కావలసిన సమయమే దొరకదు. మంట ఇంకా పెరుగుతుంది. ఇద్దరూ ఇలా ఒకరి ఇబ్బందిని మరొకరు పెంచుకుంటూ పోతారు. చివరికి ఆమెకు నామీద ఇష్టం పోయిందని ఆయన, నేను ముసలిదాన్నయ్యానని ఆమె అనుకుంటారు. పక్కలు వేరవుతాయి.

ఇది ఇద్దరి సమస్య అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే పరిశోధకులు 1970లోనే ఆ మాట చెప్పి, దంపతులిద్దరికీ కలిపి చికిత్స చేసే పద్ధతిని ప్రచురించారు. మనిషి తన కలయికకు తానే ప్రేక్షకుడైతే అంగస్తంభన పోతుందని వివరించిందీ వాళ్లే. కానీ 1998 మార్చిలో అమెరికాలో వయాగ్రా పేరుతో వచ్చిన స్తంభన మాత్ర సిల్డెనాఫిల్‌కు అనుమతి వచ్చాక దృష్టంతా ఒక్క మగవాడి మీదికి, ఒక్క మాత్ర మీదికి మళ్లింది. కొన్నేళ్లలోనే మన కంపెనీల చవక మాత్రలు మందుల షాపుల్లోకి వచ్చేశాయి.

ఆడవాళ్ల వైపు జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. 2002 జులైలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ హార్మోన్లను కలిపి నోటి ద్వారా వాడినవారిలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు కొంత ఎక్కువగా కనిపించడమే కారణం. ఆ భయం రక్తంలోకి అతి తక్కువగా చేరే ఈస్ట్రోజెన్ యోని క్రీములకూ అంటుకుంది. డబ్బాల మీద అదే హెచ్చరిక పడింది. డాక్టర్లు రాయడం తగ్గించారు, రాసినా లోపలి కాగితం చదివి వాడనివారు ఎక్కువ. ఈ పొడిదనానికీ దానితో వచ్చే మూత్ర ఇబ్బందులకూ కలిపి 'జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్' అన్న పేరు 2014లో గానీ రాలేదు. ఆ హెచ్చరికలను తొలగిస్తున్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 నవంబరులో ప్రకటించింది. ఇరవై ఏళ్లకు పైగా మగవాడికి మాత్ర సులువుగా దొరికింది, ఆడమనిషికి క్రీము దూరమైంది. మన నగరంలో ఆస్పత్రుల ఏర్పాటు కూడా అలాగే ఉంది. ఉస్మానియాలో ఆయన యూరాలజీ ఓపీలో కూర్చుంటే, ఆమె వెళ్లాల్సింది పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రుల్లో ఏదో ఒకదానికి. రెండు చీటీలు ఒకే బల్ల మీదికి రావు.

ఉప్పల్‌లో ఉండే ఒక జంటను ఊహించుకుందాం. ఆయనకు 54, ఆమెకు 49. ఆమెకు 41వ ఏట సొంత జిల్లాలో ఆపరేషన్ అయింది, కాగితంలో బీఎస్ఓ ఉంది. మూడేళ్లుగా మంట. ఆయనకు ఈమధ్య వరుసగా మధ్యలోనే తగ్గిపోతోంది. షాపులో అడిగి సిల్డెనాఫిల్ తెచ్చుకున్నాడు. రాత్రి బిర్యానీ తిని మాత్ర వేసుకుంటే పనిచేయలేదు. కొవ్వు ఎక్కువున్న భోజనం మీద ఆ మందు ఆలస్యంగా ఎక్కుతుంది. ఇంకోసారి పనిచేసింది, అప్పుడు ఆమెకు మంట రెట్టింపై, రెండు రోజులకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆ మాత్ర స్తంభనకు సాయం చేస్తుందే గానీ తడిని తేలేదు. ఆందోళన బలంగా ఉంటే స్తంభనకూ పూర్తిగా సాయపడదు, ఎందుకంటే ఉద్రేకం వల్ల నరాల నుంచి వచ్చే సంకేతాన్ని నిలబెట్టడమే దాని పని.

ఇక్కడ ముందు అడగాల్సింది, తెల్లవారుజామున ఆయనకు అంగం గట్టిపడుతోందా అని. ఈయనకు గట్టిపడుతోంది, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా బాగానే ఉంది. అంటే రక్తనాళాలు, నరాలు చాలావరకు సరిగానే ఉన్నాయి. అయినా పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, బీపీ, ఉదయం పూట టెస్టోస్టిరాన్ చూడడం అవసరం.

ఆమెను గైనకాలజిస్టు ఒకసారి పరీక్షించాలి. తెల్లమచ్చలతో దురద ఉంటే అది వేరే చర్మవ్యాధి కావచ్చు. మెనోపాజ్ తర్వాత రక్తం కనిపిస్తే కారణం తేలేదాకా హార్మోన్ మొదలుపెట్టరు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారు క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాకే వాడాలి. ఇవేవీ లేకపోతే సాధారణంగా రాసేది ఈస్ట్రోజెన్‌లో ఒక రకమైన ఎస్ట్రియాల్ క్రీము. గ్రాములో 1 మిల్లీగ్రాము మందు ఉండే రకమైతే రాత్రి పడుకునే ముందు అర గ్రాము చొప్పున రెండు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. చాలామంది చేసే పొరపాటు, అప్లికేటర్‌తో మొత్తం లోతుగా పెట్టేయడం. నొప్పి ఉన్నది ముఖద్వారం దగ్గర కాబట్టి కొంచెం వేలితో అక్కడా రాయాలి. రెండో పొరపాటు, మూడు వారాలకే ఫలితం లేదని మానేయడం. పూర్తి ఫలితానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఇది మందు, జారుడు జెల్ కాదు. కలయికకు ముందు రాయకూడదు.

జారుడుకు లూబ్రికెంట్ వేరే కొనాలి. నీటితో చేసినది సులువుగా దొరుకుతుంది, కానీ గ్లిజరిన్ బాగా ఉన్నవి కొందరికి మంట పుట్టిస్తాయి. సిలికాన్‌ది ఎక్కువసేపు నిలుస్తుంది. ఒక టీస్పూను తీసుకుని ఇద్దరూ రాసుకోవాలి, ఆరితే మళ్లీ రాయాలి. కొబ్బరినూనె కండోమ్‌ను పాడుచేస్తుంది, వాడనివారికి పర్వాలేదు. సబ్బు, సువాసన వాష్‌లు లోపలికి వద్దు.

క్రీము పనిచేసే ఆ మూడు నెలల్లో ప్రవేశాన్ని పక్కన పెట్టడం ఇద్దరికీ ఊరట. వారానికి రెండుసార్లు అరగంట తలుపు వేసుకోవాలి. అత్తమామలు, పిల్లలు ఉన్న రెండు పడకగదుల ఫ్లాటులో అది తేలిక కాదు, సెలవు రోజు మధ్యాహ్నం కుదిరినా చాలు. మొదటి వారాల్లో జననాంగాలను, రొమ్ములను వదిలి మిగతా ఒళ్లంతా తాకుతారు. తర్వాత వాటినీ కలుపుకుంటారు. అప్పుడు ఆయన స్తంభన వస్తే రానిచ్చి, కావాలనే ఆగి పూర్తిగా తగ్గనివ్వాలి, మళ్లీ తాకితే మళ్లీ వస్తుంది. తగ్గితే ఇక రాదన్న భయం మాటలతో పోయేది కాదు, తగ్గినది తిరిగి రావడం కళ్లతో చూస్తేనే పోతుంది. ఆ తర్వాత ప్రవేశం ఆమె చేతిలో ఉండాలి. ఆమె పైన ఉండి, ఊపిరి వదులుతూ కొద్దిగా, ఆగి, ఇంకొద్దిగా. నొప్పి వస్తే అక్కడే ఆపాలి. అవసరమైతే అప్పుడు డాక్టరు సలహాతో సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాములు, గంట ముందు, తేలికైన కడుపుతో. గుండెకు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవారు దాన్ని ముట్టుకోకూడదు, బీపీ ప్రాణాపాయంగా పడిపోతుంది.

లేజర్‌తో యోనిని మళ్లీ యవ్వనంగా చేస్తామనే ప్రకటనలను నమ్మి డబ్బు పోసేముందు తెలుసుకోవాల్సింది ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 జులైలోనే కాలిన గాయాలు, మచ్చల గురించి హెచ్చరించింది. ఆస్ట్రేలియాలో జరిగి 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో అసలు లేజర్‌కూ ఉత్తుత్తి లేజర్‌కూ ఏడాది తర్వాత తేడా కనిపించలేదు.

పన్నెండు వారాలకు పొర మెత్తబడి, తడి వచ్చినా ముఖద్వారం దగ్గర కండరం బిగుస్తూనే ఉంటే కటి కండరాల ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాలి, క్రీము మోతాదు పెంచి లాభం లేదు. ఆమెకు నొప్పి పూర్తిగా పోయినా ఆయనకు తెల్లవారుజామున కూడా గట్టిపడకపోతే, అప్పుడు అది నొప్పి తెచ్చిన భయం ఒక్కటే కాదు. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి, పూడిక లక్షణాలు చాలాసార్లు అక్కడే ముందు బయటపడతాయి. గుండెనొప్పి రావడానికి రెండు మూడేళ్ల ముందే స్తంభన తగ్గినవారున్నారు. అలాంటప్పుడు మరో మాత్ర స్ట్రిప్ కొనే ముందు గుండె డాక్టరును కలవాలి.