ఫీజు పెట్టెలో అల్యూమినియం పోగు

బెంగళూరు చుట్టుపక్కల హోస్కోట, దేవనహళ్లి, ఆనేకల్ పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవరూ ఆ పేరుతో పిలవరు, టీసీ అంటారు. ఈసారి ఊరెళ్లినప్పుడు టీసీ కింద ఉన్న ఫీజు పెట్టెను దూరం నుంచే ఒకసారి చూడండి. సన్నని రాగి తీగ ఉండాల్సిన చోట చాలాసార్లు అల్యూమినియం పోగు కనబడుతుంది. కరెంటు లైను తీగ ముక్కను విప్పి అందులోంచి తీసిన పోగు అది. ఒకటి సరిపోలేదనుకున్న చోట రెండు మెలేసి బిగిస్తారు. ఆ పోగు అక్కడికి ఎందుకొచ్చిందో అర్థమైతే, ఆ టీసీ ఏడాదిలో రెండుసార్లు ఎందుకు కాలిందో చాలావరకు తెలిసిపోతుంది.

లెక్క కోసం 63 కేవీఏ టీసీ ఒకటి తీసుకుందాం. 11 వేల వోల్టులు తీసుకుని 433 వోల్టులు ఇస్తుంది. మోటార్ల వైపు ఒక్కో ఫేజుకు అది ఎంతసేపైనా మోయగల కరెంటు 84 ఆంపియర్లు. దాని మీద ఎనిమిది బోర్లు ఉన్నాయనుకోండి. కాగితాల ప్రకారం అన్నీ 5 హెచ్‌పీ మోటార్లే. సబ్‌మర్సిబుల్ మోటారు హెచ్‌పీకి సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి మొత్తం 80 ఆంపియర్లు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది.

కానీ నీళ్లు కిందికి పోయాయి. మూడు నాలుగు వందల అడుగుల్లో దొరికిన నీటికి ఇప్పుడు వెయ్యి అడుగులు దాటి దించాల్సి వస్తోంది. అంత లోతు నుంచి అదే నీరు రావాలంటే మోటారు పెద్దది కావాలి. బోరు తిరగవేసిన ప్రతిసారీ మోటారు మారుతుంది, మంజూరు కాగితం మాత్రం మారదు. మన ఎనిమిది బోర్లలో ఇప్పుడు రెండే 5 హెచ్‌పీవి. నాలుగు ఏడున్నర హెచ్‌పీకి, రెండు 10 హెచ్‌పీకి పెరిగాయి. కూడితే 20, 60, 40, మొత్తం 120 ఆంపియర్లు. టీసీ మోయగలిగిన దానికంటే 43 శాతం ఎక్కువ.

43 శాతమే కదా అనిపిస్తుంది. కానీ టీసీ లోపలి తీగ చుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.43ను 1.43తో గుణిస్తే రెండు పైన వస్తుంది. అంటే చుట్టలో వేడి రెట్టింపవుతుంది, దాన్ని బయటికి పంపే రెక్కలు మాత్రం అవే.

ఊళ్లో ఇళ్లకిచ్చే టీసీ మీద కూడా సాయంత్రం పూట ఓవర్‌లోడు పడుతుంది, అయినా అది అంత తరచుగా కాలదు. కారణం టీసీ లోపల నిండి ఉండే నూనె. అన్ని లీటర్ల నూనె వేడెక్కడానికి గంటలు పడుతుంది. ఇళ్ల లోడు గంట, గంటన్నర ఎగిసి తగ్గిపోతుంది, నూనె పూర్తిగా వేడెక్కేలోపే ఊపిరి దొరుకుతుంది. పొలాల సంగతి వేరు. త్రీఫేజు ఇచ్చేదే రోజుకు కొన్ని గంటలు కాబట్టి అందరి మోటార్లూ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా ఒకే తీరున నడుస్తాయి. నూనె చేరగల అత్యధిక వేడికి చేరి అక్కడే ఉండిపోతుంది, అదీ ఎండ మండుతున్న పూట. చుట్టల మీద కరెంటును ఆపేది కాగితపు పొర. అత్యంత వేడి చోట సుమారు 98 డిగ్రీల దాకా ఆ కాగితం ఏళ్ల తరబడి నిలుస్తుంది. అక్కడినుంచి ప్రతి 6 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుంది. 116 డిగ్రీల్లో నడిస్తే ఎనిమిదో వంతే మిగులుతుంది. పెళుసెక్కిన కాగితం ఆ రోజే ఊడి పడదు, గట్టి కుదుపు ఒకటి తగిలేదాకా నిలబడుతుంది.

ఆ కుదుపు రోజూ తగులుతూనే ఉంది. రైతు ఊళ్లో లేకపోయినా, అర్ధరాత్రయినా, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరగాలని స్టార్టరుకు ఆటో పెట్టిస్తారు. ఎనిమిది స్టార్టర్లకూ ఆటో ఉంది, ఒక్కదానికీ ఆలస్యం పెట్టలేదు. మోటారు ఆగిన స్థితి నుంచి లేచేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఎనిమిదీ కలిసి 600 ఆంపియర్లు అడుగుతాయి. టీసీ అంత ఇవ్వలేదు. దాని లోపలి అడ్డంకి వల్లే వోల్టేజి నాలుగో వంతు పడిపోయి కరెంటు 450 దగ్గర ఆగుతుంది. వోల్టేజి పడితే మోటారు తిప్పే బలం ఇంకా ఎక్కువగా తగ్గిపోతుంది. అందుకే ఒక్క సెకనులో లేవాల్సిన మోటార్లు మూడు నాలుగు సెకన్లు మూలుగుతాయి. కరెంటు వచ్చిన క్షణంలో టీసీ కింద నిలబడి వింటే ఆ మూలుగు స్పష్టంగా వినిపిస్తుంది.

సరైన ఫీజు తీగ ఇక్కడే తెగుతుంది. 16 గేజి రాగి తీగ సుమారు 166 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. 63 కేవీఏకి అది టీసీ సామర్థ్యానికి రెండింతలు. 450 ఆంపియర్లు కొన్ని సెకన్లు పారితే అది మిగలదు. ఉదయం కరెంటు వచ్చిందంటే ఫీజు పోయినట్టే. నాలుగు రోజులు లైన్‌మన్‌ కోసం తిరిగాక అయిదో రోజు ఎవరో పోగు తెచ్చి కడతారు. నీళ్లు పారుతాయి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పంట ఎండుతున్నప్పుడు ఆ తొందరను తప్పుపట్టలేం. కానీ ఆ పోగు ఏం చేస్తుందో లెక్క చూడాలి.

రాబిట్ అనే రకం లైను తీగలో ఒక్కో పోగు మందం 3.35 మిల్లీమీటర్లు. అది కరగాలంటే 360 ఆంపియర్లు కావాలి, రెండు మెలేస్తే 700. ఇప్పుడు టీసీ నుంచి కిలోమీటరు దూరంలో వేలాడుతున్న రెండు తీగలు గాలికి తగిలాయనుకోండి. వీజల్ రకం తీగకు కిలోమీటరుకు 0.9 ఓం అడ్డంకి ఉంటుంది. పోను ఒక కిలోమీటరు, రాను ఒకటి. దానికి టీసీ లోపలి అడ్డంకి కలిపితే అక్కడ పారే కరెంటు సుమారు 200 ఆంపియర్లే. షార్టు అంటే వేల ఆంపియర్లు అనుకుంటాం గానీ పొడవాటి పొలం లైను చివర అది ఇంతే. రాగి తీగ అయితే 200 దగ్గర కరిగి తీరుతుంది, కాస్త ఆలస్యమైనా సరే. అల్యూమినియం పోగుకు అది లెక్కలోనే లేదు. తీగలు అతుక్కుని ఉన్నంతసేపూ 84 మోయాల్సిన చుట్టలో 200 పారుతుంది, వేడి దాదాపు ఆరు రెట్లు. అప్పటికే ఓవర్‌లోడుకు పెళుసెక్కిన కాగితం ఇక ఆగదు.

పైన 11 వేల వోల్టుల హెచ్‌టీ వైపు ఫీజుకూ ఇదే వర్తిస్తుంది, ఇంకా తీవ్రంగా. అక్కడి పూర్తి కరెంటు 3.3 ఆంపియర్లే కాబట్టి తీగ దారమంత సన్నగా ఉండాలి. 35 గేజి రాగి తీగ సుమారు 8 ఆంపియర్ల దగ్గర తెగుతుంది. అక్కడ లైను పోగు కడితే చుట్టలో రెండు వరసలు కలిసిపోయినా ఫీజుకు తెలియదు. లోపల నూనె ఉడికి ట్యాంకు ఉబ్బుతుంది.

ఒక అపోహ కూడా పోవాలి. సరైన ఫీజు ఉన్నా 120 ఆంపియర్ల ఓవర్‌లోడును అది ఆపదు, ఎందుకంటే అది కరిగేదే 166 దగ్గర. ఫీజు కాపలా షార్టుకు. ఓవర్‌లోడును పట్టుకోవాలంటే కరెంటు కొలవాలి, వేరే దారి లేదు.

ఇక నూనె. టీసీ నెత్తిన అడ్డంగా ఉండే చిన్న డబ్బా కన్సర్వేటర్. దానికున్న గాజు గొట్టంలో నూనె మట్టం కనిపించాలి. ఉదయం పూట 30 డిగ్రీల గీత దగ్గర ఉంటే మంచిది. అది ఖాళీగా ఉన్నా లోపల ట్యాంకులో ఇంకా బోలెడు నూనె ఉంది కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. ప్రమాదం ఇక్కడే ఉంది. చుట్ట దగ్గర వేడెక్కిన నూనె తేలికై పైకి లేస్తుంది, రెక్కల పైకన్నంలోంచి రెక్కల్లోకి పోతుంది, చల్లారి కింద కన్నంలోంచి ట్యాంకులోకి తిరిగి వస్తుంది. పంపూ లేదు, ఫ్యానూ లేదు, ఈ తిరుగుడే మొత్తం చల్లదనం. నూనె మట్టం పైకన్నం కిందికి దిగిందంటే తిరుగుడు ఆగిపోతుంది. ట్యాంకులో ముప్పాతిక నూనె ఉన్నా సరే, రెక్కలు పనిచేయవు. నడుస్తున్న టీసీ పై భాగం నుంచి సెగ కొడుతూ రెక్కలు చల్లగా ఉంటే లైన్‌మన్‌ అనుమానించేది దీన్నే.

నూనె పోయేది ఎక్కువగా కింది వాల్వు దగ్గర, పైమూత గ్యాస్కెట్ దగ్గర, మోటార్ల వైపు తీగలు బయటికొచ్చే ఎల్‌టీ బుషింగుల దగ్గర. బుషింగు దగ్గర కారుతోందంటే ముందు బోల్టు చూడాలి. బోల్టు వదులైతే తీగ చివరి లగ్గు వేడెక్కి కింద ఉన్న రబ్బరును గట్టిపడేలా చేస్తుంది. గ్యాస్కెట్ ఒక్కటే మార్చి బోల్టు బిగించకపోతే మళ్లీ కారుతుంది. పక్కనే వేలాడే, టీసీ గాలి పీల్చుకునే బ్రీదర్‌లోని సిలికా జెల్ నీలంగా ఉంటే మంచిది, గులాబీ రంగుకు తిరిగితే తేమ పట్టిందని అర్థం. బ్రీదర్ పగిలిన టీసీ రాత్రి చల్లారేటప్పుడు తడిగాలిని నేరుగా లోపలికి పీల్చుకుంటుంది. వాడకంలో ఉన్న నూనె రెండున్నర మిల్లీమీటర్ల సందులో కనీసం 30 వేల వోల్టులకు తట్టుకోవాలి. తడి చేరితే ఆ బలం వేగంగా పడిపోతుంది. తగ్గిన మట్టాన్ని పరీక్షించిన ట్రాన్స్‌ఫార్మర్ నూనెతోనే నింపాలి.

కాలిన టీసీని రిపేరు షెడ్డులో విప్పినప్పుడు లోపలి గుర్తులు చాలావరకు చెబుతాయి. మూడు ఫేజుల చుట్టలూ ఒకే తీరున నల్లబడి కాగితం వేళ్ల మధ్య పొడైతే అది ఓవర్‌లోడు. ఒక ఫేజు చుట్ట పక్కకు జరిగి వంకర తిరిగితే షార్టు దెబ్బ. చుట్టల పైభాగమే మాడి కింది భాగం బాగుంటే నూనె తగ్గింది. మూత లోపలివైపు తుప్పు, అడుగున నీటి బొట్లు ఉంటే బ్రీదర్‌ను అడగాలి. ఈ గుర్తులు చూడకుండా అదే 63 కేవీఏ మళ్లీ తెచ్చి పెడితే అదే లోడు, అదే పోగు దాని కోసం ఎదురుచూస్తుంటాయి.

మన ఉదాహరణలో ఏం చేయొచ్చు? మొదటిది ఆటో స్టార్టర్లకు ఆన్ డిలే టైమర్. ఒకరికి 10 సెకన్లు, తర్వాతి వారికి 20, అలా చివరి మోటారుకు 80. అప్పుడు ఒక్కో మోటారు విడిగా లేస్తుంది, ఫీజు తెగదు, పోగు అవసరమే రాదు. పెద్ద ఖర్చు లేదు, కానీ ఎనిమిది మందీ కలిసి పెట్టుకుంటేనే పని జరుగుతుంది. ఇద్దరు ఒకే సమయం పెట్టుకోకుండా చీటీ రాసుకోవాలి.

రెండోది కెపాసిటర్. 5 హెచ్‌పీకి 2, ఏడున్నరకు 3, పది హెచ్‌పీకి 4 కేవీఏఆర్ కెపాసిటర్ స్టార్టరు దగ్గర, మోటారుతో పాటే ఆన్ ఆఫ్ అయ్యేలా కలపాలి. మోటార్ల పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో పనికి వచ్చే వాటా, 0.78 నుంచి 0.91కు చేరితే టీసీ మీది కరెంటు 120 నుంచి 103కి దిగుతుంది. ఇంకా 84 కంటే ఎక్కువే. కాబట్టి పెద్ద టీసీ వచ్చేదాకా ఒకేసారి ఆరుకు మించకుండా మోటార్లు వంతులు వేసుకోవాలి, అందులో 10 హెచ్‌పీవి రెండూ కలిసి పడకూడదు. 100 కేవీఏ టీసీ అయితే 133 ఆంపియర్లు మోస్తుంది, ఎనిమిదీ నడవచ్చు.

అది రావాలంటే నడుస్తున్న మోటారు హెచ్‌పీ కాగితాల మీదికి ఎక్కాలి. కర్ణాటకలో 10 హెచ్‌పీ దాకా పంపుసెట్లకు కరెంటు ఉచితమే కాబట్టి 5ను ఏడున్నరగా రాయించుకున్నా బిల్లు రాదు. అయినా చాలామంది భయపడి దాస్తారు. కార్యాలయం లెక్కలో 40 హెచ్‌పీ ఉన్నంతకాలం 63 కేవీఏ చాలుననే సమాధానం వస్తుంది. నిజానికి అక్కడ తిరుగుతున్నది 60 హెచ్‌పీ. అన్ని మోటార్లూ నడుస్తున్న వేళ లైన్‌మన్‌ చేత టాంగ్ టెస్టర్‌తో మూడు ఫేజుల్లోనూ కరెంటు విడివిడిగా కొలిపించి, ఆ అంకెలను తేదీ, సమయంతో అర్జీలో రాయండి. నూనె కారుతున్నా, ఫీజు పెట్టెలో పోగు కనిపించినా బెస్కాం ప్రాంతంలో 1912కు ఫిర్యాదు ఇచ్చి నంబరు రాసుకోవచ్చు. ఫీజు మీద మాత్రం మీరు చెయ్యి వేయకండి. పైన లైనును విడదీసే ఏబీ స్విచ్ దించినట్టు కనిపించినా ఒక బ్లేడు అతుక్కుని ఉండిపోవచ్చు, కింద నుంచి చూస్తే అది తెలియదు.