వాషింగ్ మెషీన్ ఎందుకు నడుస్తుంది?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు మంచి ప్రశ్న పంపారు. వాళ్ల ఇంట్లోని ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ స్పిన్ మొదలవగానే దడదడలాడుతూ గోడ దగ్గర నుంచి జానెడు ముందుకు వచ్చేస్తోంది. పూర్తి వేగం అందుకున్నాక మాత్రం సన్నగా మూలుగుతూ కుదురుగా ఉంటోంది. ఆగేముందు మళ్లీ ఒక కుదుపు. వేగం పెరిగితే ఊపు కూడా పెరగాలి కదా, తగ్గడమేమిటని ఆమె సందేహం. కాళ్లు సరిచేసుకోవడం ఎలాగో ఎవరైనా చెబుతారు. ఈ సందేహం తీరితే కాళ్లను ఎందుకు సరిచేయాలో కూడా తెలుస్తుంది.

ముందు కొంచెం లెక్క వేద్దాం. డ్రమ్ము వ్యాసార్ధం 24 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 1200 చుట్లు అనుకుందాం. తడిబట్టలు సమానంగా పరుచుకోక ఒకవైపు అర కిలో ఎక్కువైందనుకుందాం. ఆ అర కిలో డ్రమ్మును బయటికి లాగే బలం సుమారు 190 కిలోల బరువుతో సమానం. మెషీన్ మొత్తం బరువు 65 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఆ బలమంతా నేరుగా పెట్టెకు చేరితే మెషీన్ గాలిలోకి ఎగిరిపడాలి. కానీ అది నిలకడగా ఉంటోంది!

లోపల డ్రమ్మును మోసే టబ్బు పెట్టెకు బిగించి ఉండదు. స్ప్రింగులకు వేలాడుతూ, కింద ఊపును అణిచే డ్యాంపర్ల మీద ఆనుకుని ఉంటుంది. దాని బరువు పెంచడానికి కాంక్రీటు దిమ్మలు కూడా కడతారు. స్ప్రింగులకు వేలాడే ప్రతి వస్తువుకూ తనదైన ఊగే వేగం ఒకటి ఉంటుంది. ఈ టబ్బుకు అది నిమిషానికి 180 ఊపులు అనుకుందాం. డ్రమ్ము తిరిగే వేగం సరిగ్గా అక్కడికి వచ్చినప్పుడు ప్రతి చుట్టూ ఊపును ఇంకాస్త పెంచుతుంది. అదే అనునాదం. బడిలో శృతిదండంతో, గాలి స్తంభంతో చూపించేది ఇదే. అయితే మన పాఠాలు అనునాద శిఖరం దగ్గరే ఆగిపోతాయి. శిఖరం దాటాక ఏం జరుగుతుందో చెప్పరు. నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఆ రెండో సగమే.

ఒక తాళం చెవుల గుత్తిని మూరెడు దారానికి కట్టి చేత్తో పట్టుకోండి. చేతిని చాలా నెమ్మదిగా అటూ ఇటూ కదిపితే గుత్తి చేతి వెంటే వెళుతుంది. దాని సహజమైన ఊపుకు సరితూగేలా కదిపితే విపరీతంగా ఊగుతుంది. ఇప్పుడు చేతిని చకచకా కదపండి. చెయ్యి కుడికి వెళ్లినప్పుడు గుత్తి ఎడమకు పోతుంది, అదీ కొద్దిగానే. టబ్బులోనూ అంతే. అనునాద వేగానికి కింద, బరువు ఎటు ఉంటే టబ్బు అటే జరుగుతుంది. ఆ వేగం దాటగానే దిశ తారుమారవుతుంది. బరువు కుడివైపు ఉంటే టబ్బు ఎడమకు జరుగుతుంది. బట్టలూ టబ్బూ కలిపిన మొత్తం ద్రవ్యరాశికి కేంద్రం ఎక్కడుందో, దాని చుట్టూనే తిరగడం మొదలవుతుంది. మన ఉదాహరణలో 40 కిలోల టబ్బు కేవలం 3 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే చాలు, అర కిలో అసమతౌల్యం సరిపోతుంది. ఆ 3 మిల్లీమీటర్లకు స్ప్రింగులు పెట్టెను లాగే బలం 4 కిలోలకు కాస్త పైన. డ్యాంపర్ల గుండా మరికొంత చేరుతుంది. 190 కిలోలు కాస్తా ఇంతకు తగ్గాయి.

ఈ సంగతిని ఇంజనీర్లు కూడా మొదట నమ్మలేదు. తిరిగే ఇరుసు ఈ అనునాద వేగాన్ని దాటి సురక్షితంగా తిరగలేదని 1869లో స్కాట్లండ్ ఇంజనీరు రాంకిన్ తేల్చిచెప్పాడు. స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ డి లావల్ తన ఆవిరి టర్బైనుకు సన్నని, వంగే ఇరుసు పెట్టి, ఆ వేగాన్ని దాటించి హాయిగా తిప్పి చూపించాడు. కొన్ని టాప్ లోడ్ మెషీన్లలో బుట్ట అంచున కొంతమేర ఉప్పునీటితో నింపిన బోలు వలయం ఉంటుంది. అదీ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. అనునాద వేగం దాటాక అందులోని నీరు తనంతట తానే బరువుకు ఎదురుగా చేరుతుంది. ఆ వేగానికి కింద మాత్రం బరువు వైపే చేరి ఊపును ఇంకా పెంచుతుంది.

కాబట్టి అసలు గండం 180 చుట్ల దగ్గరే. అక్కడ మన అర కిలో వల్ల పెట్టెకు చేరే బలం, డ్యాంపర్లు బాగుంటే, 12 కిలోల దాకా పెరుగుతుంది. పైగా బట్టల్లో నీరు ఇంకా పూర్తిగా పోయి ఉండదు కాబట్టి బరువు తేడా ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. ఆగేటప్పుడు నీరు పోయి ఉంటుంది కనుక కుదుపు తక్కువ.

ఇక నడక సంగతి. సబ్బునీటితో తడిసిన టైల్స్ మీద 65 కిలోల మెషీన్‌ను కదలకుండా పట్టి ఉంచే ఘర్షణ 13 కిలోలకు మించకపోవచ్చు. 12 కిలోల కుదుపు దాని అంచు దాకా వచ్చేసింది. బరువు తేడా కిలో అయితే జారడం ఖాయం. కానీ జారడం వేరు, నడవడం వేరు. చదునైన నేల మీద కుదుపు ఎంత కుడికి జరుపుతుందో అంతే ఎడమకు జరుపుతుంది. మెషీన్ ఉన్నచోటే కొట్టుకుంటుంది. ఒక దిక్కుకు నడవాలంటే ఏదో ఒక తేడా కావాలి. మన స్నానాల గదుల్లో, బాల్కనీల్లో నీరు పోవడానికి మేస్త్రీలు నేలను మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలుతో వేస్తారు. ఆ వాలే మెషీన్‌ను తూము వైపు నడిపిస్తుంది. నాలుగు కాళ్లలో ఒకటి నేలకు ఆనకపోతే మెషీన్ మిగిలిన వాటి మీద తిరుగుతూ వంకరగా జరుగుతుంది. వాస్తు ప్రకారం మరో మూలకు మార్చాక నిలకడగా ఉందని కొందరు చెబుతారు. ఆ మూలన నేల సమంగా ఉండి ఉంటుంది. రసమట్టం పెడితే తెలిసిపోతుంది.

ప్లగ్ తీసి, డ్రమ్ము ఖాళీగా ఉంచి, మెషీన్ పైభాగాన ఎదురెదురు మూలలను రెండు చేతులతో మార్చి మార్చి నొక్కండి. టకటకమంటే ఒక కాలు గాలిలో ఉన్నట్టే. మరొకరి సాయంతో మెషీన్‌ను కొద్దిగా వెనక్కి వంచి, ఆ కాలికి ఉన్న లాక్‌నట్‌ను పానాతో వదులు చేసి, కాలు నేలను గట్టిగా తాకేదాకా తిప్పండి. రసమట్టాన్ని పైన అడ్డంగానూ నిలువుగానూ పెట్టి చూడండి. 60 సెంటీమీటర్ల లోతున్న మెషీన్‌కు ఆ వాలు వల్ల వచ్చే తేడా 6 నుంచి 12 మిల్లీమీటర్లు. కాళ్లను అవసరమైనంతే బయటికి తీయండి, పొడవు పెరిగేకొద్దీ అవి ఊగుతాయి. చివర లాక్‌నట్‌ను పెట్టె అడుగుకు ఆనేలా బిగించాలి. చాలామంది వదిలేసేది ఇదే. బిగించకపోతే స్పిన్ అదురుకు కాలు మెల్లగా తిరిగిపోయి కొద్ది వారాల్లో కథ మొదటికొస్తుంది. అట్టముక్కలు పెట్టకండి, తడిసి అణిగిపోతాయి. చక్రాల స్టాండు మీద పెడితే ఈ శ్రమంతా వృథా.

తరువాత ఖాళీ డ్రమ్ముతో స్పిన్ తిప్పండి. ఖాళీగా కుదురుగా ఉండి బట్టలతోనే ఊగితే తప్పు బట్టల అమరికది. నూలు చీర మిగిలిన బట్టలను తనలో చుట్టేసుకుని ముద్దగా మారుతుంది. ఒంటరిగా వేసిన మందపాటి కాలిపట్టా నీరు పీల్చుకుని ఒకే వైపు అతుక్కుంటుంది. చీరను విడిపించి మళ్లీ వేయండి. కాలిపట్టాకు తోడుగా రెండు తువాళ్లు వేయండి. నీరు దిగని షీట్లను అసలు స్పిన్‌లో వేయకండి. లోపల సంచిలా నీరు నిలిచి, మంచి వేగంలో ఉండగా ఒక్కసారిగా జారితే టబ్బు పెట్టెను గుద్దుకుంటుంది.

ఖాళీగా తిప్పినా ఊగుతుంటే, డ్రమ్మును చేత్తో కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగాలి. మూడు నాలుగు సార్లు ఊగితే డ్యాంపర్లు అరిగాయి, మార్పించాలి. మెషీన్ కొత్తదైతే వెనకవైపు చూడండి. రవాణాలో టబ్బు కదలకుండా బిగించిన బోల్టులు అలాగే ఉంటే స్ప్రింగులకు పని లేదు, తారుమారయ్యే అవకాశం లేదు, ఆ 190 కిలోలూ నేరుగా పెట్టె మీదే పడతాయి. వాటిని తీసి, ఇల్లు మారేటప్పుడు కావాలి కనుక దాచి ఉంచండి.