మాన్‌హాటన్ మీద విమానం ఎందుకు తడబడుతుంది?

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో సముద్రం మీద ఎగురుతున్నంతసేపూ బొమ్మ నీళ్లలా సాఫీగా సాగుతుంది. అదే విమానం న్యూయార్క్ వైపు తిరిగి, మాన్‌హాటన్ భవనాలు కనబడేసరికి కుదుపులు మొదలవుతాయి. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ వాడకం 25 శాతం దగ్గరే ఉంటుంది. అది చూసి చాలామంది తప్పంతా గ్రాఫిక్స్ కార్డుదే అనుకుని కొత్తది కొనేస్తారు. కార్డు మారినా మాన్‌హాటన్ మీద కుదుపులు మాత్రం పోవు.

ఆ 25 శాతం అనేది సగటు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ ఊపిరి సలపకుండా పనిచేస్తున్నా, మొత్తంలో అది కనిపించేది ఎనిమిది శాతమే. విమానం కదలిక, కాక్‌పిట్‌లోని పరికరాలు, చుట్టూ తిరిగే ట్రాఫిక్, ఏ భవనాన్ని ఇప్పుడు చూపాలన్న లెక్క, వీటిలో చాలా పని ‘మెయిన్ థ్రెడ్’ అనే ఒకే వరుసలో, ఒకదాని తర్వాత ఒకటిగా జరుగుతుంది. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు పదిమంది ఉన్నా వంటమనిషి ఒక్కడే అయితే బంతి ఎంత వేగంగా కదులుతుందో, ఇదీ అంతే.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఎవరు ఎవరికోసం ఆగుతున్నారన్నది. దీనికి సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్న లెక్క కన్నా, ఒక్కో ఫ్రేముకు ఎన్ని మిల్లీసెకన్లు అన్న లెక్క ఎక్కువ పనికొస్తుంది. 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు, 30 చాలనుకుంటే 33.3. సిమ్యులేటర్ సెట్టింగ్స్‌లో Developer Mode ఆన్ చేస్తే పైన ఒక పట్టీ వస్తుంది. అందులో Debug కింద Display FPS ఎంచుకుంటే మెయిన్ థ్రెడ్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ పట్టే సమయాలు విడివిడిగా కనిపిస్తాయి. ఎవరివల్ల ఆలస్యమో కూడా Limited by MainThread అనో, Limited by GPU అనో రాసి ఉంటుంది.

ఇలాంటి పట్టీ లేని సిమ్యులేటర్లకు ఇంకా సులువైన పరీక్ష ఉంది. బొమ్మను ఎంత రిజల్యూషన్‌లో గీయాలో చెప్పే రెండర్ స్కేలింగ్‌ను 100 నుంచి 60కి దించండి. బొమ్మ మసకబారినా ఫ్రేములు పెరగకపోతే అడ్డు ప్రాసెసరే. అసెట్టో కోర్సా కాంపిటిజియోనే లాంటి రేసింగ్ సిమ్‌లో ఈ పరీక్షను రేసు మొదలయ్యే చోట, ముందు కార్లన్నీ గుంపుగా ఉన్నప్పుడు చేయాలి. ఖాళీ ట్రాక్ మీద చేస్తే వచ్చే ఫలితం మోసం చేస్తుంది.

ఇప్పుడు ఒక కేసు పూర్తిగా చూద్దాం. ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు, 1440పి తెర. ఎయిర్‌బస్ ఎ320 నియోలో మాన్‌హాటన్ మీదకి వెళ్తే 22 ఫ్రేములు వస్తున్నాయనుకుందాం. పట్టీలో మెయిన్ థ్రెడ్ 45 మిల్లీసెకన్లు, కార్డు 24 చూపిస్తోంది. అంటే ప్రతి ఫ్రేముకూ కార్డు తన పని ముగించి 21 మిల్లీసెకన్లు ఖాళీగా కూర్చుంటోంది. ఇక్కడ మేఘాలు, నీడలు తగ్గిస్తే అందం పోవడమే తప్ప ఒక్క ఫ్రేము కూడా పెరగదు.

మొదట చేయి పెట్టాల్సింది Terrain Level of Detail మీద. నేలనూ, నగరాలనూ ఎంత దూరం వరకు వివరంగా గీయాలో ఈ సెట్టింగే చెబుతుంది. దీన్ని 100 నుంచి 200 చేస్తే పని రెట్టింపు అవుతుందని అనిపిస్తుంది. కానీ రెట్టింపయ్యేది వ్యాసార్థం. వివరంగా నింపాల్సిన వైశాల్యం సుమారు నాలుగు రెట్లవుతుంది. 400కి తీసుకెళ్తే పదహారు రెట్లు. సముద్రం మీద ఆ వైశాల్యంలో దాదాపు ఏమీ లేదు కనుక తేడా తెలియదు. మాన్‌హాటన్‌లోనో, ప్రతి భవనమూ ఫొటోల నుంచి తయారైన త్రీడీ ముద్దే.

మన కేసులో దీన్ని 200 నుంచి 100కి దించితే మెయిన్ థ్రెడ్ 45 నుంచి 36కు వచ్చిందనుకుందాం. (యంత్రాన్ని బట్టి అంకెలు మారతాయి, దిశ మారదు.) తర్వాత కాక్‌పిట్ తెరల రిఫ్రెష్ రేటును మీడియంకి దించితే 33, ట్రాఫిక్‌ను కోసేస్తే 30, Objects Level of Detail‌ను 100 చేస్తే 28. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. అదే విమానాశ్రయం, అదే సమయం, అదే కెమెరా ఉండాలి. లైవ్ వాతావరణం బదులు ఒక స్థిరమైన ప్రీసెట్ పెట్టుకోవాలి. లేకపోతే మారింది సెట్టింగో, గాలివానో తెలియదు.

28 మిల్లీసెకన్లకు వచ్చాక 35 ఫ్రేములు దొరుకుతాయి కదా అని సంబరపడి వదిలేయకూడదు. 30 దగ్గర పరిమితి పెట్టేయాలి. ప్రతి ఫ్రేములో మిగిలే ఆ అయిదు మిల్లీసెకన్లే కొత్త భవనాలు లోడయ్యేటప్పుడు ఆదుకుంటాయి. 35కీ 24కీ మధ్య ఊగిసలాడే బొమ్మ కన్నా కదలకుండా ఉండే 30 కంటికి హాయి. ఇప్పుడు కార్డు దగ్గర మిగిలిన సమయంతో మేఘాలను అల్ట్రాకి పెంచుకోవచ్చు, ఆ ఖర్చు మెయిన్ థ్రెడ్ మీద పెద్దగా పడదు.

ఫ్రేములు నిలకడగా 30 చూపిస్తూనే కొన్ని సెకన్లకోసారి బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతుంటే, ఆ జబ్బు వేరు. అది మెమరీది. టాస్క్ మేనేజర్‌లో Performance కింద GPU తెరిచి Dedicated GPU memory చూడండి. అది 8కి 7.8 జీబీ దగ్గర నిలిచిపోయి, కింద Shared GPU memory పెరుగుతూ పోతుంటే, కార్డులో పట్టని టెక్స్చర్లు మామూలు ర్యామ్‌లోకి పొంగుతున్నాయన్నమాట. ఆర్‌టీఎక్స్ 3070 తన సొంత మెమరీ నుంచి సెకనుకు 448 జీబీ లాగగలదు. ర్యామ్ నుంచి తెచ్చుకోవాలంటే పీసీఐఈ 4.0 దారిలో దొరికేది 32 జీబీ లోపే. ఆ పద్నాలుగు రెట్ల తేడానే మనకు కుదుపుగా కనిపిస్తుంది. టెక్స్చర్ రిజల్యూషన్‌ను అల్ట్రా నుంచి హైకి దించితే చాలావరకు తగ్గుతుంది. కాక్‌పిట్‌లో చిన్న అక్షరాలు కాస్త మెత్తబడతాయి, అంతకుమించి నష్టం లేదు. డైరెక్ట్‌ఎక్స్ 12 పెట్టుకున్నవాళ్లు 11కి మార్చి కూడా చూడాలి, 12 మోడ్ కార్డు మెమరీని ఎక్కువ తింటుంది.

కార్డులో ఖాళీ ఉన్నా బిగుసుకుపోతోందంటే మామూలు ర్యామ్ నిండిందేమో చూడాలి. 16 జీబీలో బ్రౌజర్ కూడా తెరిచి ఉంటే విండోస్ కొంత భాగాన్ని పేజ్‌ఫైల్‌లోకి, అంటే డిస్కు మీదకి తోసేస్తుంది. పేజ్‌ఫైల్‌ను తీసేయడం దీనికి మందు కాదు. అప్పుడు కుదుపు పోయి, సిమ్యులేటర్ మొత్తంగా కూలిపోయే ప్రమాదం వస్తుంది. దాన్ని ఎస్‌ఎస్‌డీ మీదే ఉంచి, ర్యామ్‌ను 32 జీబీ చేసుకోవడమే సరైన దారి.

ర్యామ్ విషయంలో పైసా ఖర్చు లేని తనిఖీ ఒకటుంది. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 కడ్డీలు కొన్నా, వాటిని ఆ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్‌ను బయోస్‌లో ఆన్ చేయకపోతే అవి తరచూ 2133 దగ్గరే నడుస్తుంటాయి. రెండు కడ్డీలు 3200 మీద సెకనుకు 51.2 జీబీ ఇస్తాయి, 2133 మీద 34 జీబీ. ఒకే కడ్డీ పెట్టుకుంటే దాంట్లోనూ సగమే. టాస్క్ మేనేజర్ Memory పేజీలో Speed అన్నచోట అసలు వేగం కనబడుతుంది.

మెయిన్ థ్రెడ్ ఎప్పుడూ మెమరీలోంచి ఏదో ఒకటి వెతుక్కుంటూనే ఉంటుంది కాబట్టి ఈ వేగం లెక్కలోకి వస్తుంది. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్ గడియార వేగంలో పాత 5800ఎక్స్ కన్నా కాస్త తక్కువే అయినా ఫ్లైట్ సిమ్ వాళ్లు దాన్నే వెతుక్కుని కొనడానికి కారణం కూడా ఇదే. ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, అంటే ఎల్3 క్యాష్, అందులో 32 ఎంబీ నుంచి 96కు పెరిగింది. థ్రెడ్ ర్యామ్ దాకా వెళ్లాల్సిన అవసరం తగ్గింది.

ఇంత సరిదిద్దాక కూడా Terrain Level of Detail అన్ని ఎత్తులకూ ఒకేలా సరిపోదు. రన్‌వే దగ్గర చుట్టూ ఉన్న భవనాలే చూపును అడ్డుకుంటాయి, దూరపు వివరాలకు పెట్టిన ఖర్చు కనబడకుండా పోతుంది. అక్కడ 100 చాలు. 35,000 అడుగుల మీద ట్రాఫిక్ భారం తగ్గి, నేల విశాలంగా పరుచుకుంటుంది. అక్కడ 200 పెట్టుకున్నా మెయిన్ థ్రెడ్ సాధారణంగా మొయ్యగలదు. దిగడం మొదలుపెట్టేటప్పుడు మళ్లీ 100కి దించాలి. అదీ రన్‌వేకి చాలా ముందే, ఎందుకంటే ఈ మార్పు జరిగే క్షణంలోనే ఒక పెద్ద కుదుపు తప్పదు.